ఐదు రీడింగుల్లో మూడే లెక్కలోకి

ల్యాబ్ బల్ల మీద స్టాండుకు బిగించిన బ్యూరెట్, అందులో నిండుగా వంకాయ రంగు ద్రావణం. అది పొటాషియం పర్మాంగనేట్. దాని కింద తెల్ల పలక, పలక మీద కోనికల్ ఫ్లాస్కు, ఫ్లాస్కులో అప్పుడే వేడి చేసి దించిన ఆక్జాలిక్ ఆమ్లం. చూడటానికి మామూలు నీళ్లలాగే ఉంటుంది. ఎడమ చేత్తో బ్యూరెట్ కుళాయి పట్టుకుని, కుడి చేత్తో ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ విద్యార్థి ఒక్కో చుక్కా వదులుతుంటాడు. చుక్క పడిన చోట రంగు మెరిసి మాయమవుతుంది. ఇలా మాయమవుతూ మాయమవుతూ ఒక చుక్క దగ్గర లేత గులాబీ రంగు నిలిచిపోతుంది. అర నిమిషం తిప్పినా పోదు. అక్కడ కుళాయి కట్టేసి బ్యూరెట్ మీద అంకె చదువుతారు.

చేతి పని అక్కడికి అయిపోయినట్టే. రికార్డులో పని అక్కడే మొదలవుతుంది. పర్మాంగనేట్ గాఢత ఎంత అని అడిగితే ఫార్ములాలో అంకెలు వేసి కాలిక్యులేటర్ నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఏ అంకెలు వేయాలి, వచ్చిన జవాబులో ఎన్ని అంకెలు ఉంచాలి అన్న రెండు ప్రశ్నల దగ్గరే చాలా రికార్డులు తడబడతాయి. ఇంటర్‌లోనూ, సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలోనూ పిల్లలు చేసే ఈ ఒక్క ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా లెక్క కట్టి చూస్తే ఆ రెండు ప్రశ్నలూ తేటపడతాయి.

ముందు తెలిసిన ద్రావణం ఒకటి ఉండాలి. పర్మాంగనేట్‌ను తూకం వేసి కలిపి దాని గాఢత ఇంత అని చెప్పడం కుదరదు. సీసాలోని పర్మాంగనేట్‌లో ఎప్పుడూ కొంత మాంగనీస్ డయాక్సైడ్ కలిసి ఉంటుంది, కలిపిన ద్రావణం కూడా వెలుతురుకు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. అందుకే దాన్ని గోధుమ రంగు సీసాలో దాస్తారు, వాడే ముందు గాఢత కొలుచుకుంటారు. ఆక్జాలిక్ ఆమ్లం అలా కాదు. స్ఫటికాలుగా శుద్ధంగా దొరుకుతుంది, తూకం వేసినంతా లెక్కలోకి వస్తుంది. మన ఉదాహరణలో 0.6320 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం స్ఫటికాలు తూచి, నీళ్లలో కరిగించి, 100 మిల్లీలీటర్ల ప్రమాణ ఫ్లాస్కులో గీత దాకా నింపారనుకుందాం. ఈ స్ఫటికంలో ఒక్కో అణువుకు రెండు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి మోలార్ ద్రవ్యరాశి 126.07. భాగహారం చేస్తే గాఢత 0.05013 మొలార్ వస్తుంది.

ఈ నీటి అణువులను మరిచిపోతే ఏమవుతుందో ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. నీళ్లు లేని ఆక్జాలిక్ ఆమ్లానికి 90.03 అని పట్టికలో కనిపిస్తుంది. తొందరలో అది వేసుకుంటే గాఢత 0.07020 అని వస్తుంది, చివరి జవాబు నలభై శాతం పెరిగిపోతుంది. బ్యూరెట్‌ను ఎంత జాగ్రత్తగా చదివినా ఈ తప్పు బయటపడదు. రీడింగులన్నీ చక్కగా ఒకదానితో ఒకటి కలుస్తాయి, జవాబు మాత్రం తప్పుగానే ఉంటుంది.

ఇక టైట్రేషన్. పిపెట్‌తో 20.00 మిల్లీలీటర్ల ఆక్జాలిక్ ఆమ్లం ఫ్లాస్కులోకి తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేస్తారు. చల్లగా ఉంటే చర్య మరీ మందకొడిగా సాగుతుంది. వేడి చేసినా మొదటి చుక్కలు కాసేపు రంగు పోకుండా బెట్టు చేస్తాయి. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ చర్యకు ఉత్ప్రేరకం కాబట్టి కొన్ని చుక్కలు పడ్డాక ఊపు అందుకుంటుంది. ఈ సంగతి తెలియని విద్యార్థి మొదటి చుక్క రంగు నిలవగానే అయిపోయిందనుకుని కుళాయి కట్టేస్తాడు. ఆమ్లం చాలకపోయినా, పర్మాంగనేట్‌ను గబగబా గుమ్మరించినా ఫ్లాస్కులో గోధుమ రంగు మడ్డి కనిపిస్తుంది. మాంగనీస్ చర్య చివరి దాకా వెళ్లకుండా మధ్యలో డయాక్సైడ్‌గా ఆగిపోయిందని దాని అర్థం. ఆ ఫ్లాస్కును పారబోసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప వేరే దారి లేదు.

బ్యూరెట్ చదవడంలోనూ పర్మాంగనేట్‌కు ప్రత్యేకత ఉంది. రంగులేని ద్రావణాలకు ద్రవం ఒంపులో అడుగు భాగాన్ని చూస్తాం. పర్మాంగనేట్ ముదురు రంగులో ఆ అడుగు కనిపించదు, అందుకని పై అంచునే చదువుతారు. మొదటి రీడింగు పై అంచు, చివరి రీడింగు పై అంచు అయితే తీసివేతలో తేడా రాదు. ఒకటి పైన, ఒకటి కింద చదివితేనే చిక్కు.

ఒక విద్యార్థిని రికార్డులో పట్టిక ఇలా ఉందనుకుందాం. బ్యూరెట్ మీద అతి చిన్న గీత 0.1 మిల్లీలీటరు. రెండు గీతల మధ్య అంచు ఆగితే సగాన్ని కంటితో అంచనా వేసి 0.05 దాకా రాసింది.

| వరుస | మొదటి రీడింగు (మి.లీ.) | చివరి రీడింగు (మి.లీ.) | వాడిన పర్మాంగనేట్ (మి.లీ.) |
|---|---|---|---|
| 1 | 0.00 | 20.40 | 20.40 |
| 2 | 20.40 | 40.05 | 19.65 |
| 3 | 0.10 | 19.95 | 19.85 |
| 4 | 19.95 | 39.65 | 19.70 |
| 5 | 0.05 | 19.70 | 19.65 |

మొదటిది రఫ్ రీడింగు. ఎక్కడ ఆగాలో తెలియదు కాబట్టి కాస్త వేగంగా వదిలి సుమారుగా తెలుసుకోవడానికి చేసేది. రెండోసారి నుంచి 18 మిల్లీలీటర్ల దాకా ధైర్యంగా వదిలి, అక్కడి నుంచి ఒక్కో చుక్కగా వెళ్లవచ్చు. బ్యూరెట్ కొన నుంచి జారే చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు ఉంటుంది. అంటే రెండో రీడింగుకూ నాలుగో రీడింగుకూ మధ్య తేడా ఒకే ఒక్క చుక్క. చేతికి అంతకన్నా సన్నని పని సాధారణంగా సాధ్యం కాదు. మూడో రీడింగు మాత్రం వాటికి మూడు నాలుగు చుక్కలు అవతల ఉంది.

ఇలా ఒకదానితో ఒకటి కలిసే రీడింగులనే ల్యాబుల్లో కన్‌కార్డెంట్ విలువలు అంటారు. తెలుగులో చెప్పాలంటే ఏకీభవించే విలువలు. 0.1 మిల్లీలీటరు తేడా లోపల ఉన్నవి ఏకీభవించినట్టు అని ఎక్కువ చోట్ల పాటించే కొలత. 0.1 దాకానే చదివి రాసే చోట వరుసగా రెండు రీడింగులు అచ్చంగా ఒకేలా రావాలని అడుగుతారు. ఎలా పాటించినా ఈ కొలతకు అర్థం ఉండేది రీడింగు ఇరవై మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉన్నప్పుడే. ఇరవైలో 0.1 అంటే అర శాతం. గాఢతలు సరిగా కుదరక రీడింగు అయిదు మిల్లీలీటర్లే వస్తే అదే 0.1 రెండు శాతమవుతుంది, అంకెలు ఏకీభవించినా జవాబు బండగానే ఉంటుంది. ప్రయోగానికి ద్రావణాలు కలిపేటప్పుడే బ్యూరెట్ రీడింగు ఇరవై దగ్గర పడేలా చూసుకునేది ఇందుకే.

మన పట్టికలో 19.65, 19.70, 19.65 ఏకీభవిస్తాయి. వాటి సగటు 19.666..., అంటే 19.67. ఐదింటినీ కలిపి సగటు తీస్తే? మొత్తం 99.25, అయిదుతో భాగిస్తే 19.85. పక్కన పెట్టాల్సిన మూడో రీడింగు ఎంతో, ఆ సగటూ సరిగ్గా అంతే! మంచి రీడింగులు మూడు ఉన్నా, రెండు చెడ్డవి సగటును తమ వైపు లాగేసుకున్నాయి. ‘ఎక్కువ రీడింగులు ఉంటే సగటు మెరుగవుతుంది కదా’ అన్న సందేహం సహజమే. తప్పులు అటూ ఇటూ సమంగా పడేటప్పుడు ఆ మాట నిజం. టైట్రేషన్‌లో గీత దాటి పోయే తప్పు ఎప్పుడూ ఒకే వైపు పోతుంది. ఎక్కువ పోశామే తప్ప, పోసిన చుక్కను వెనక్కి తీసుకోలేం. ఒకే వైపు లాగే తప్పుల్ని సగటు సరిచేయదు.

అయితే నచ్చని రీడింగును పక్కన పెట్టడం మోసం కాదా? కారణం రాసి పెడితే కాదు. మూడో వరుస ఎదురుగా ‘గులాబీ రంగు ముదిరింది’ అని ఆ క్షణంలోనే రాసి ఉంటే దాన్ని తీసేయడానికి ఆధారం ఫ్లాస్కులోనే దొరికింది. లెక్క కట్టాక, జవాబు చూశాక తీసేస్తే అది వేరే సంగతి. అందుకే రికార్డులో ఏ రీడింగునూ చెరపకూడదు. ఒక గీత కొట్టాలి, పక్కన కారణం రాయాలి, కొట్టిన అంకె ఇంకా చదవగలిగేలా ఉండాలి.

రికార్డులు దిద్దే లెక్చరర్‌కూ విద్యార్థినికీ మధ్య ఇలాంటి మాటలు ఏ ల్యాబులోనైనా వినబడతాయి.

‘‘మూడూ 19.7 అని రాశావు. రఫ్ రీడింగు ఏదమ్మా?’’

‘‘రాయలేదు సార్. అది తప్పొచ్చింది కదా అని.’’

‘‘తప్పొచ్చిందని నీకు ఎలా తెలిసింది?’’

‘‘మిగతావి వేరేగా వచ్చాయి సార్.’’

‘‘ఆ మాటే నాకు కాగితం మీద కనబడాలి.’’

ఇక్కడ అమ్మాయి మీద అనుమానపడాల్సిన పని లేదు. ఒక దశాంశ స్థానం వరకే చదివితే మూడు రీడింగులూ 19.7 రావడం పూర్తిగా సాధ్యమే. 19.65, 19.70 రెండూ సవరిస్తే 19.7 అవుతాయి. కానీ రఫ్ రీడింగు లేని పట్టిక చదివేవారికి ఆమె చేతి పని ఎలా సాగిందో చెప్పదు.

రీడింగులు తేలాయి కాబట్టి గాఢత లెక్క. చర్య ఇది:

2KMnO4 + 5H2C2O4 + 3H2SO4 → K2SO4 + 2MnSO4 + 10CO2 + 8H2O

రెండు మోల్‌ల పర్మాంగనేట్ అయిదు మోల్‌ల ఆక్జాలిక్ ఆమ్లాన్ని తినేస్తుంది. రికార్డులో రాసే సూత్రం దీని నుంచే వస్తుంది:

M1V1/2 = M2V2/5

M1, V1 పర్మాంగనేట్‌వి. M2, V2 ఆక్జాలిక్ ఆమ్లానివి. అంకెలు వేస్తే:

M1 = (2 × 0.05013 × 20.00) / (5 × 19.67)

కాలిక్యులేటర్ తెర మీద 0.020388409 అని కనబడుతుంది. ఐదు రీడింగుల సగటు 19.85 వేసి ఉంటే 0.0202 వచ్చేది. దాదాపు ఒక శాతం తేడా. అంత తేడా ఎక్కడి నుంచో రాలేదు, పక్కన పెట్టకుండా కలిపేసిన రెండు రీడింగుల నుంచే వచ్చింది.

2నూ 5నూ తారుమారు చేసేవారికి ఒక చిన్న తనిఖీ. ఒక పర్మాంగనేట్‌కు రెండున్నర ఆక్జాలిక్ ఆమ్లం కావాలి. రెండు ద్రావణాల ఘనపరిమాణాలూ దాదాపు ఇరవై దగ్గరే ఉన్నాయి. అలాంటప్పుడు పర్మాంగనేట్ గాఢత ఆక్జాలిక్ ఆమ్లానికన్నా తక్కువే ఉండాలి, 0.05ను రెండున్నరతో భాగిస్తే వచ్చే 0.02 దరిదాపుల్లో. తారుమారైతే 0.127 అని వస్తుంది. కాలిక్యులేటర్ ముట్టుకోకముందే నోటి లెక్కగా 0.02 తెలిసి ఉంటే ఆ తప్పు అక్కడికక్కడే పట్టుబడుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న: తెర మీద కనిపించిన అంకెల్లో ఎన్నింటిని రాయాలి?

కొలతలో మనకు నిజంగా తెలిసిన అంకెలనూ, చివర అంచనాగా తెలిసిన ఒక అంకెనూ కలిపి సార్థక అంకెలు అంటారు. 19.67లో నాలుగు ఉన్నాయి. 20.00లోనూ నాలుగే. పిపెట్ ఇచ్చేది 20.00 అయినప్పుడు రికార్డులో ఉత్త 20 అని రాస్తే, ఆ పిపెట్ చేసిన పనిని సగానికి సగం తగ్గించి చూపినట్టు. 0.05013లోనూ నాలుగే, ముందున్న సున్నాలు లెక్కలోకి రావు, అవి దశాంశ బిందువును తన చోట నిలబెట్టడానికి మాత్రమే ఉన్నాయి. ఇక సమీకరణం నుంచి వచ్చిన 2, 5 కొలతలు కావు, లెక్కించిన సంఖ్యలు. ‘సూత్రంలో 2 ఉంది, దానికి ఒకే సార్థక అంకె ఉంది, కాబట్టి జవాబులోనూ ఒకటే’ అని కొందరు పిల్లలు పొరబడతారు. అయిదు అణువులంటే అయిదే, దానిలో అనిశ్చితి లేదు, అవి అంకెల సంఖ్యను నియంత్రించవు.

గుణకారం, భాగహారంలో జవాబుకు అన్నిటికన్నా తక్కువ సార్థక అంకెలున్న కొలత ఎన్ని ఇస్తుందో అన్నే ఉంటాయి. తీసివేతలో అలా కాదు, దశాంశ స్థానాలు చూస్తారు. 40.05 నుంచి 20.40 తీస్తే రెండు దశాంశ స్థానాలతో 19.65. మన లెక్కలో అన్నీ నాలుగంకెలవే కాబట్టి నియమం ప్రకారం జవాబు 0.02039 మొలార్.

తూకం దగ్గర అలసత్వం చూపితే ఈ నాలుగూ నిలవవు. రెండు దశాంశాలే చూపే త్రాసు మీద అదే ఆమ్లాన్ని 0.63 గ్రాములుగా తూచి ఉంటే సార్థక అంకెలు రెండే. అప్పుడు బ్యూరెట్‌లో సగం గీత దాకా పడిన శ్రమంతా వృథా, జవాబు 0.020 దగ్గర ఆగిపోవాల్సిందే. మరో పొరపాటు మధ్యలోనే సవరించడం. ఆక్జాలిక్ ఆమ్లం గాఢతను 0.05013 అని రాయకుండా ‘సుమారు 0.05’ అని వేసుకుంటే చివరి జవాబు 0.02034 దగ్గరికి జారుతుంది. సవరింపు చివరి అడుగులో ఒక్కసారే చేయాలి, అంతదాకా కాలిక్యులేటర్ చూపిన అంకెలను అలాగే ఉంచుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. నియమం నాలుగు అంకెలు ఇచ్చింది. గాజు పాత్రలు అన్ని ఇస్తాయా? 20 మిల్లీలీటర్ల పిపెట్ ‘బి’ తరగతిదైతే దాని మీద అనుమతించిన తేడా 0.06 మిల్లీలీటరు. 50 మిల్లీలీటర్ల ‘బి’ తరగతి బ్యూరెట్‌కు 0.1. 100 మిల్లీలీటర్ల ప్రమాణ ఫ్లాస్కుకు 0.2. అంటే పిపెట్ దగ్గర 0.3 శాతం, ఫ్లాస్కు దగ్గర 0.2 శాతం, మన రీడింగుకు బ్యూరెట్ దగ్గర అర శాతం దాకా తేడాకు చోటుంది. అన్నీ కలిస్తే అర శాతం పైనే. 0.02039లో అర శాతం అంటే 0.0001. కాబట్టి చివరి 9 ఒక్కటే కాదు, దాని ముందున్న 3 కూడా కదిలే అంకెలే. కాలేజీల్లో సాధారణంగా ఉండే గాజు సామానుతో చేసిన ఈ ప్రయోగానికి నిజాయతీ గల జవాబు 0.0204 మొలార్, మూడు సార్థక అంకెలు.

అయితే పరీక్షలో ఏది రాయాలి? సార్థక అంకెల నియమం ఒక సులువైన కొలబద్ద, అంతకు మించి కాదు. పాత్ర మీద ముద్రించిన తరగతి ఏమిటో అది చూడదు. లెక్కలో 0.02039 అని చూపించి, ఫలితం దగ్గర 0.0204 అని సవరించి, పాత్రల తేడా దృష్ట్యా మూడు అంకెలు ఉంచానని ఒక వాక్యం రాసిన రికార్డును తప్పు పట్టే ఆధారం ఉండదు. తెర మీది తొమ్మిది అంకెలను యథాతథంగా దింపిన రికార్డుకు మాత్రం సమర్థన లేదు.

ఏకీభవించే విలువలకూ ఒక హద్దుంది. బ్యూరెట్ కొనలో ఇరుక్కున్న గాలి బుడగ టైట్రేషన్ మధ్యలో బయటికి పోతే ఆ ఒక్క రీడింగు పెరుగుతుంది. బ్యూరెట్ మీద మరిచిపోయిన గరాటు నుంచి చుక్క జారితే రీడింగు తగ్గుతుంది. కోనికల్ ఫ్లాస్కును నీళ్లతో కాకుండా ఆక్జాలిక్ ఆమ్లంతో కడిగితే ప్రతిసారీ వేరు వేరుగా కొంత ఎక్కువ ఆమ్లం మిగులుతుంది. ఇవన్నీ రీడింగుల మధ్య తేడాగా కనిపించి దొరికిపోతాయి. పిపెట్ చివర మిగిలిన చుక్కను ప్రతిసారీ నోటితో ఊదేస్తే మాత్రం దొరకదు. ఆ చుక్క వదలకుండా ఉంటేనే 20.00 అని పాత్రను తయారుచేశారు, ఊదితే ప్రతిసారీ అంతే ఎక్కువ పడుతుంది. రీడింగులు ఎంతో ముచ్చటగా ఏకీభవిస్తాయి, అన్నీ ఒకే మేరకు పెరిగి ఉంటాయి. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే అదే పర్మాంగనేట్‌ను పక్క బ్యాచ్ వాళ్లు వేరే పిపెట్‌తో, వేరుగా తూచిన ఆమ్లంతో చేసి తెచ్చిన విలువతో పోల్చాలి.

చివరగా లీటరుకు ఎన్ని గ్రాములని అడుగుతారు. పర్మాంగనేట్ మోలార్ ద్రవ్యరాశి 158.03. దానితో సవరించని విలువను గుణిస్తే 3.22 గ్రాములు. రికార్డులో ఫలితం వరుస ఇలా ముగుస్తుంది: ‘ఇచ్చిన పర్మాంగనేట్ ద్రావణం మొలారిటీ 0.0204 మొలార్, లీటరుకు 3.22 గ్రాములు. 2, 4, 5 రీడింగుల సగటు ఆధారంగా. 3వ రీడింగులో రంగు ముదిరినందున వదిలివేయబడింది.’